సెక్షన్‌లో ఎంతమంది అన్నది సగం ప్రశ్నే

మా పక్కవీధిలో ఉండే ఒక ప్రైవేటు స్కూల్లో ఈ ఏడాది మూడో తరగతి మూడు సెక్షన్లని రెండు చేశారు. ముప్ఫైమంది ఉండే చోట నలభై అయిదుమంది అయ్యారు. పేరెంట్స్ మీటింగులో గొడవ మొదలవగానే కరస్పాండెంట్ గారు చాలా ప్రశాంతంగా, "క్లాస్ సైజుకీ చదువుకీ సంబంధం లేదని రీసెర్చ్ ఎప్పుడో తేల్చేసిందండీ, టీచర్ ముఖ్యం" అన్నారు. ఆ రాత్రే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన అమెరికాలోని టెనెసీ ప్రయోగం గురించి ఒక ఫార్వర్డ్ పెట్టి, "చిన్న క్లాసుల్లో పిల్లలు బాగా చదువుతారని సైన్స్ నిరూపించింది" అన్నాడు. ఇక అక్కణ్ణుంచి రెండురోజులు ఎవరి లింకు వాళ్లది.

నాకు విసుగు పుట్టించిందేమిటంటే ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పిన రకం పరిశోధనలూ ఉన్నాయి, ఈయన చెప్పిన రకమూ ఉన్నాయి, రెండువైపులా పేరున్న ఆర్థికవేత్తలే ఉన్నారు. ఇలాంటప్పుడు చాలామంది "అయితే రీసెర్చ్ అంతా వట్టిదే, ఎవడికి కావాల్సింది వాడు రాసుకుంటాడు" అని చేతులు దులుపుకుంటారు. నేను అంత దూరం పోను. ఆ పేపర్లు కాస్త ఓపిగ్గా చదివితే, అవి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు. "తరగతిలో పిల్లల్ని తగ్గించడం" అనే ఒకే పేరు కింద ఒక్కో చోట ఒక్కో పని జరిగింది. కొత్తగా వచ్చిన టీచరు ఎవరు, పాత టీచరు ఏం చేశాడు, ఎంతమంది నుంచి ఎంతమందికి తగ్గింది, అనేవి ప్రతిచోటా వేరు. ఆ సంగతి వదిలేసి "పనిచేస్తుందా, చెయ్యదా" అని అడిగితే వచ్చే జవాబు ఎవరికీ అక్కరకు రాదు, ముఖ్యంగా మన గవర్నమెంటు ప్రాథమిక బడులకి.

ఊరికే పోల్చి చూస్తే ఏమవుతుంది

మొదట అందరికీ తట్టే పద్ధతి, చిన్న క్లాసుల పిల్లల మార్కులూ పెద్ద క్లాసుల పిల్లల మార్కులూ పక్కపక్కన పెట్టి చూడటం. మన ఊళ్లలో ఆ పని చేస్తే ఏం వస్తుందో ఊహించండి. గవర్నమెంటు బడిలో నాలుగో తరగతిలో ఏడుగురు పిల్లలుంటారు, ఎందుకంటే ఫీజు కట్టగలిగినవాళ్లందరూ పొద్దున్నే పసుపు బస్సెక్కి టౌనుకి పోతారు. టౌన్లో పేరున్న స్కూల్లో సెక్షన్‌కి యాభైమంది కూర్చుంటారు, ఎందుకంటే సీటు కోసం జనం ఎగబడతారు. లెక్క వేస్తే క్లాసు పెద్దదయ్యే కొద్దీ మార్కులు పెరుగుతాయని తేలుతుంది! అక్కడ పనిచేస్తున్నది ఇంటి ఆదాయమూ తల్లిదండ్రుల చదువూ, క్లాసు సైజు కాదు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. కార్పొరేట్ కాలేజీల్లో ర్యాంకు వస్తుందనుకున్న పిల్లల్ని ఏరి విడిగా ఒక చిన్న బ్యాచ్ చేస్తారు, మంచి లెక్చరర్లందర్నీ వాళ్లకే వేస్తారు, మిగతావాళ్లని పెద్ద సెక్షన్లలో పడేస్తారు. అక్కడ లెక్క వేస్తే చిన్న క్లాసు బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. పిల్లలు ఏ క్లాసులోకి ఎందుకు వచ్చారో తెలియకుండా వేసే లెక్క ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పాత పరిశోధనల్లో చాలా భాగం ఇలాంటివే.

వాటి మీదే ఒక పెద్ద వాదం నడిచింది. ఎరిక్ హనుషెక్ అనే ఆర్థికవేత్త 59 ప్రచురణల్లోంచి 277 అంచనాలు ఏరి, చిన్న క్లాసులవల్ల మేలు జరిగిందని గట్టిగా చెప్పేవీ, కీడు జరిగిందని గట్టిగా చెప్పేవీ ఇంచుమించు సమానమనీ, మిగతా ఎక్కువభాగం ఎటూ తేల్చలేదనీ చూపించాడు. కరస్పాండెంట్ గారి మాటకి మూలం అక్కడే ఉందని నా అనుమానం. తరవాత అలన్ క్రూగర్ అదే జాబితా తీసుకుని ఒక ప్రశ్న వేశాడు: ఒక పేపర్లోంచి 24 అంచనాలు తీసుకుని, ఇంకో పేపర్లోంచి ఒక్కటే తీసుకుంటే, మొదటిదానికి 24 ఓట్లు ఇచ్చినట్టు కాదా? పైగా ఒకే డేటాని ముక్కలు ముక్కలుగా కోసినకొద్దీ ఒక్కో ముక్కలో పిల్లలు తగ్గిపోయి, ఏ ముక్కా ఏదీ తేల్చలేని స్థితి వస్తుంది. అంటే తేల్చలేని పేపర్లకే ఓట్లు ఎక్కువ పడుతున్నాయన్నమాట. పేపరుకి ఒక్క ఓటు చొప్పున లెక్కిస్తే మొగ్గు చిన్న క్లాసుల వైపు తిరిగింది. డేటా మారలేదు, కొత్త ప్రయోగం జరగలేదు, ఓట్లు లెక్కపెట్టే పద్ధతి మారిందంతే. "వందలాది స్టడీలు చెబుతున్నాయి" అని ఎవరైనా అన్నప్పుడు ఇది గుర్తొస్తుంది నాకు.

టెనెసీలో ఏం చేశారు

ఫార్వర్డ్ పెట్టినాయన మాట్లాడింది స్టార్ అనే ప్రయోగం గురించి. 1985లో మొదలుపెట్టారు. టెనెసీ రాష్ట్రంలో 79 బడులు, నాలుగేళ్లలో మొత్తం 11,600 మంది దాకా పిల్లలు, యూకేజీ వయసు నుంచి మూడో తరగతి దాకా. ప్రతి బడిలోనూ మూడు రకాల క్లాసులు పెట్టారు: 13 నుంచి 17 మంది ఉండే చిన్న క్లాసు, 22 నుంచి 25 మంది ఉండే మామూలు క్లాసు, అంతమందే ఉండి టీచరుతోపాటు రోజంతా ఒక సహాయకురాలు కూడా ఉండే క్లాసు. ఏ పిల్లవాడు ఏ క్లాసులో పడాలి, ఏ టీచరు ఏ క్లాసుకి పోవాలి అన్నది లాటరీయే. ఇంట్లో డబ్బుందా, అమ్మ చదువుకుందా అన్న తేడాలు దాంతో చాలావరకు కొట్టుకుపోతాయి. అందుకే దానికంత పేరు.

ఫలితం? 100 మంది పిల్లల్ని మార్కుల ప్రకారం వరసలో నిలబెడితే, మధ్యలో 50వ చోట ఉన్నవాడు మొదటి ఏడాది చిన్న క్లాసువల్ల దాదాపు 54కి చేరాడు. నల్లజాతి పిల్లలకీ పేద పిల్లలకీ లాభం ఇంకాస్త ఎక్కువ. సహాయకురాలు ఉన్న క్లాసులకి చెప్పుకోదగ్గ లాభమేమీ లేదు, ఈ ముక్క మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ కనిపించదు. క్లాసులో ఇంకో పెద్దమనిషిని కూర్చోబెట్టడమూ, క్లాసుని చిన్నది చెయ్యడమూ ఒకటి కాదని అక్కడే తెలిసిపోయింది.

దీనిమీద సందేహాలూ ఉన్నాయి, అవి కొట్టిపారేసేవి కావు. ప్రయోగం మొదలయ్యే ముందు పిల్లలకి పరీక్ష పెట్టలేదు, కాబట్టి లాటరీ సరిగ్గా జరిగిందా లేదా అన్నది పిల్లల వయసు, కుటుంబ పరిస్థితి లాంటివాటితో పరోక్షంగా చూడాల్సిందే. ఏడాదేడాదికీ కొంతమంది ఒక రకం క్లాసులోంచి ఇంకో రకంలోకి మారారు, చాలామంది బడే మారిపోయారు. అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది హనుషెక్ ఎత్తిచూపిన సంగతి: లాభంలో ఎక్కువ భాగం మొదటి ఏడాదే వచ్చేసింది, తరవాతి ఏళ్లలో చాలా కొద్దిగా మాత్రమే పెరిగింది. ఏటా చిన్న క్లాసు ఏటా అంతే మేలు చేస్తే తేడా ఏడాదేడాదికీ పోగుపడాలి కదా. దీనికి నాకు నచ్చిన వివరణ, మొదటిసారి బడికొచ్చిన పిల్లకి కూర్చోవడం, వినడం, వంతు కోసం ఆగడం, తెలియకపోతే అడగడం, ఇవన్నీ నేర్పే ఏడాదిలో తక్కువమంది ఉండటం బాగా పనికొస్తుంది, ఆ తరవాత అంతగా అక్కర్లేదు. ఇది వివరణే, రుజువు కాదు.

పేరెంట్స్ గ్రూపులో ఎవరూ పట్టించుకోని విషయం ఇంకోటుంది. ఆ ప్రయోగంలో "పెద్ద" క్లాసు అంటే 22 నుంచి 25 మంది. మన ప్రైవేటు స్కూళ్లలో అది "తక్కువమంది, పర్సనల్ అటెన్షన్" అని బ్రోషర్లో వేసుకునే సంఖ్య. 45ని 30 చేస్తే ఏమవుతుందో టెనెసీ చెప్పలేదు, ఆ ప్రశ్న వాళ్లని ఎవరూ అడగలేదు. ఇక ఖర్చు సంగతి. 90 మంది పిల్లలకి పాతిక లోపు చొప్పున నాలుగు క్లాసులు చాలు, 15 చొప్పున అయితే ఆరు కావాలి. సగానికి సగం ఎక్కువ టీచర్లు, ఎక్కువ గదులు. లాటరీలో కొన్ని బడుల్లో చేసినప్పుడు ఆ టీచర్లు దొరుకుతారు. రాష్ట్రమంతా ఒకేసారి చేస్తే?

ఆ పని కాలిఫోర్నియా చేసింది. 1996లో కింది తరగతులన్నిట్లో 30 దగ్గర ఉన్న సంఖ్యని 20కి తెచ్చారు. ఒక్కసారిగా వేలకి వేలమంది టీచర్లు కావాల్సొచ్చేసరికి, అర్హత పత్రం లేనివాళ్లు అంతకుముందు నూటికి ఇద్దరు కూడా లేనివాళ్లు రెండుమూడేళ్లలో నూటికి పదిమంది దాటారు. వాళ్లు ఎక్కువగా చేరింది పేద పిల్లల బడుల్లో, ఎందుకంటే అక్కడి అనుభవజ్ఞులకి బాగున్న ప్రాంతాల్లో కొత్తగా ఖాళీలు దొరికాయి, వెళ్లిపోయారు. తరవాత జెప్సన్, రివ్కిన్ అనే ఇద్దరు లెక్కలు వేసి, క్లాసు తగ్గడంవల్ల మార్కులు పెరిగిన మాట నిజమే కానీ, కొత్త టీచరు రావడంవల్ల పోయింది కూడా తక్కువేం కాదని, కొన్ని బడుల్లో ఒకటి రెండోదాన్ని మింగేసిందని చూపించారు. టెనెసీ తప్పూ కాదు, కాలిఫోర్నియా తప్పూ కాదు. మొదటిచోట టీచర్లని లాటరీలో పంచారు కాబట్టి క్లాసు సైజు ఒక్కటే మారింది, రెండోచోట క్లాసు సైజుతోపాటు టీచరే మారిపోయాడు.

నలభై, నలభై ఒకటి

లాటరీ లేకుండా నమ్మదగ్గ లెక్క వెయ్యడానికి ఒక తెలివైన దారి ఇజ్రాయెల్లో దొరికింది. అక్కడ ఒక క్లాసులో 40 మందికి మించకూడదని నియమం. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ చెప్పిన సూత్రానికి దాని మూలాలు పోతాయి. ఈ నియమంవల్ల ఏమవుతుందంటే, ఐదో తరగతిలో 40 మంది చేరిన బడిలో ఒకటే క్లాసు, 40 మందితో. పక్క ఊళ్లో 41 మంది చేరితే రెండు క్లాసులు, ఇరవై చొప్పున. ఒక్క పిల్లవాడి తేడాతో క్లాసు సగమైపోయింది, ఆ రెండు ఊళ్ల జనంలో మాత్రం పెద్ద తేడా ఉండదు. జాషువా యాంగ్రిస్ట్, విక్టర్ లావి 1991, 1992 నాటి మార్కులు ఇలా పోల్చి 1999లో ప్రచురించారు. ఐదో తరగతిలో చిన్న క్లాసులకి బాగా లాభం కనిపించింది, నాలుగులో కొంత, మూడులో ఏమీ లేదు. ఆ పేపరు పద్ధతికి ఎంత పేరొచ్చిందంటే, ఎక్కడ ఏ గరిష్ఠ పరిమితి కనిపించినా దాన్ని పట్టుకుని లెక్కలు వెయ్యడం మొదలైంది.

ఇరవై ఏళ్ల తరవాత ఆ ఇద్దరే ఇంకో ఇద్దరితో కలిసి, 2002 నుంచి 2011 దాకా ఉన్న చాలా పెద్ద డేటాతో అదే లెక్క మళ్లీ వేశారు. ఈసారి లాభం సున్నా. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకోటి బయటపడింది. 40 దాటిన వెంటనే, అంటే 41, 42 దగ్గర, ఉండాల్సినదానికంటే ఎక్కువ బడులు కనిపించాయి. ఇంకో సెక్షన్ వస్తే ఇంకో టీచరు వస్తాడు, డబ్బొస్తుంది, కాబట్టి హెడ్మాస్టర్లు ఎలాగోలా గీత దాటించే ప్రయత్నం చేశారన్నమాట. అలా చేసేవాళ్లు మామూలుగా కాస్త చురుకైన హెడ్మాస్టర్లే అయితే 40, 41 బడులు సమానమన్న ఆధారమే కదిలిపోతుంది. అందుకే పరిశోధకులు రిజిస్టర్లో ఉన్న సంఖ్య పక్కన పెట్టి, పిల్లల పుట్టినరోజుల్నిబట్టి ఆ ఏడు ఎంతమంది ఆ తరగతిలో ఉండాలో అంచనా కట్టి మళ్లీ చూశారు. అయినా సున్నాయే.

మరి 1991లో కనిపించింది ఏమిటి? ఆ ఏడాదికే చెల్లే నిజమా, యాదృచ్ఛికమా, అప్పటికీ ఇప్పటికీ బడులు మారిపోయాయా? నాకైతే ఇలాంటిచోట రచయితల మీద గౌరవం పెరిగింది, వాళ్లకి పేరు తెచ్చిన ఫలితాన్ని వాళ్లే మళ్లీ తవ్వుకున్నారు కాబట్టి. కానీ పాఠకుడిగా నేను తీసుకునేదేమిటంటే, ఒక దేశంలో, ఒకే పద్ధతిలో, ఒకే మనుషులు వేసిన లెక్క కూడా పదేళ్లు జరిగేసరికి వేరే జవాబు ఇవ్వగలదు. అలాంటప్పుడు టెనెసీ జవాబు పట్టుకొచ్చి హైదరాబాదులో అంటించడం ఏం న్యాయం?

కెన్యాలో 82 నుంచి 44

నాకు అన్నిటికంటే బాగా అర్థమైన ప్రయోగం కెన్యాది, ఎందుకంటే అక్కడి బడులు మన పాత బడుల్లాంటివి. ఎస్తర్ డుఫ్లో, పాస్కలిన్ డుపా, మైకేల్ క్రెమర్ చేశారు. పశ్చిమ కెన్యాలో ఒకటో తరగతిలో ఒక్కో టీచరుకి సగటున 82 మంది. లాటరీలో ఎంపికైన బడులకి ఇంకో టీచరుని పెట్టుకోవడానికి డబ్బిచ్చారు. ఆ టీచర్ని బడి కమిటీ నియమించుకుంటుంది, ఏడాది కాంట్రాక్టు, పని బాగుంటే పొడిగింపు, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో నాలుగో వంతు. క్లాసు రెండయింది, సగటు 44కి పడింది. దాదాపు సగం.

ఇక్కడ వాళ్లు చేసిన మంచిపని, ఏ పిల్లలు పాత టీచరు దగ్గర ఉండాలి, ఏ పిల్లలు కొత్త కాంట్రాక్టు టీచరు దగ్గరికి పోవాలి అన్నది కూడా లాటరీలోనే తేల్చడం. అంటే రెండు గుంపులకీ క్లాసు ఒకేలా తగ్గింది, టీచరు మాత్రం వేరు. పాత రెగ్యులర్ టీచరు దగ్గర మిగిలిన పిల్లలకి, 82 మంది నుంచి 44 మందికి తగ్గినా, చెప్పుకోదగ్గ మెరుగు ఏమీ రాలేదు. కాంట్రాక్టు టీచరు దగ్గరికి పోయిన పిల్లల మార్కులు పెరిగాయి. ఎందుకని చూస్తే, కాంట్రాక్టు టీచర్లు బడికి వచ్చారు, క్లాసులో ఉన్నారు. రెగ్యులర్ టీచర్లేమో కొత్తమనిషి వచ్చాక అంతకుముందుకంటే తక్కువ పనిచెయ్యడం మొదలుపెట్టారు. "పంతులమ్మ ఉందిగా, చూసుకుంటుందిలే" అన్న వ్యవహారం మన దగ్గర తెలియనిదేం కాదు. ఇంకో ముక్క, కొత్త ఉద్యోగాల్లో దాదాపు మూడో వంతు పాత టీచర్ల బంధువులకే పోయాయి! తల్లిదండ్రులకి బడి కమిటీలో నిజంగా అధికారం ఇచ్చి, ఎలా చూసుకోవాలో నేర్పిన చోట ఈ రెండు జబ్బులూ తగ్గాయి, కాంట్రాక్టు టీచర్ల వల్ల లాభమూ పెరిగింది.

ఇప్పుడు చెప్పండి, కెన్యాలో చిన్న క్లాసు పనిచేసిందా? "82ని 44 చేశారు, మార్కులు పెరిగాయి" అని ఒకడు రాయొచ్చు. "82ని 44 చేశారు, ఏమీ కాలేదు" అని ఇంకొకడు రాయొచ్చు. ఒకే ప్రయోగం, ఒకే డేటా, ఇద్దరూ నిజమే రాసినట్టు.

మన దేశంలో వడోదరలోనూ ముంబయిలోనూ బాలసఖి పేరుతో ఇలాంటిదే ఒకటి జరిగింది. వెనకబడిన పిల్లల్ని రోజుకి రెండు గంటలు బయటికి తీసుకుపోయి, స్థానికంగా చదువుకున్న అమ్మాయి ఒకామె వాళ్లకి అక్షరాలూ అంకెలూ మొదట్నుంచి నేర్పింది. ఆ పిల్లలు బాగుపడ్డారు. ఆ రెండు గంటలూ తక్కువమందితో, అదీ వెనకబడినవాళ్లు లేకుండా, అసలు టీచరు దగ్గర మిగిలిన పిల్లలకి మాత్రం ఏ తేడా లేదు. అసలు టీచరు పాఠం మారలేదు. ఆయన అంతకుముందూ బోర్డుకే చెప్పాడు, తరవాతా బోర్డుకే చెప్పాడు.

మన దగ్గర లెక్క వేరు

ఆంధ్రప్రదేశ్ ఒకటిగా ఉన్న రోజుల్లో, 2005 తరవాత, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆదిలాబాద్, నిజామాబాద్, కడప, నెల్లూరు, విశాఖపట్నం జిల్లాల్లో ప్రాథమిక బడుల్లో పెద్ద ప్రయోగం చేశారు. అందులో ఒక భాగం, లాటరీలో వచ్చిన 100 బడులకి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్ని ఇవ్వడం. మనం విద్యా వాలంటీర్లు అనేవాళ్ల లాంటివాళ్లు, రెగ్యులర్ జీతంలో అయిదో వంతుకి పనిచేసేవాళ్లు. రెండేళ్లకి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందున్నారు, ఇందాకటి వరసలో చెప్పాలంటే 50వ చోట ఉన్నవాడు 56 దగ్గరికి వచ్చాడు. కాంట్రాక్టు టీచర్ల గైర్హాజరు 16 శాతం, రెగ్యులర్ టీచర్లది 27 శాతం.

దీన్ని చాలామంది "టీచరుకి పిల్లల నిష్పత్తి తగ్గితే మంచిది" అన్నదానికి రుజువుగా వాడతారు, ఇంకొంతమంది "కాంట్రాక్టు టీచర్లు చాలు" అన్నదానికి. నా వాదం ఏమిటంటే, ఈ ఫలితం వెనక మూడు కారణాలు కలిసిపోయి ఉన్నాయి. టీచరుకి పిల్లలు తగ్గారు, వచ్చిన టీచరు ఎక్కువ రోజులు బడిలో ఉన్నారు. మూడోది, టీచరుకి తరగతులు తగ్గాయి. ఆ రోజుల్లో ఆ బడులు సగటున ఎనభై నుంచి వందమంది పిల్లలు, ముగ్గురు టీచర్లు. తరగతులు అయిదు. ముగ్గురు అయిదు తరగతులు చెప్పడానికీ నలుగురు చెప్పడానికీ చాలా తేడా ఉంది, అది క్లాసు సైజు తేడా కాదు. కొత్త టీచరు ఏ తరగతి తీసుకోవాలన్నది బడికే వదిలేశారు కాబట్టి, కెన్యాలోలా ఈ కారణాల్ని విడదీసి చూడటం కష్టం.

మా వదిన ఒక మండలంలో ఎస్జీటీ. వాళ్ల బడిలో 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. టీచరుకి 17 మంది, కాగితం మీద టెనెసీ చిన్న క్లాసు! నేనొక రోజు అక్కడ కూర్చున్నాను. రెండో టీచరు కాంప్లెక్స్ మీటింగుకి పోయింది. వదిన బోర్డుని సుద్దతో నిలువుగా మూడు భాగాలు చేసింది. ఒకటి, రెండు తరగతులవాళ్లకి ఎడమవైపు గుణింతం రాసి దిద్దమంది, మూడు వాళ్లకి మధ్యలో తీసివేతలు, నాలుగు, అయిదు వాళ్లకి కుడివైపు భాగహారం. భాగహారంలో అంకె కిందికి దించడం దగ్గర ఒక అమ్మాయికి అర్థంకాక వదిన మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టిందో లేదో, ఒకటో తరగతి పిల్లాడొకడు పలక తుడిచేసి పక్కవాడి మీద నీళ్లు చల్లాడు. వాణ్ని సర్ది వచ్చేసరికి తీసివేతలు అయిపోయినవాళ్లు "టీచర్, అయిపోయిందీ" అని లేచి నిలబడ్డారు. ఈలోగా గుడ్ల లెక్క ఫోన్‌లో ఎక్కించాలి. భాగహారం ఆ పూట పూర్తికాలేదు. సాయంత్రం ఈ పేపర్ల గురించి చెబితే, "పిల్లలు పదిమందైనా యాభైమందైనా ఒకటే తరగతి ఇవ్వమను నాకు, అప్పుడు మాట్లాడదాం" అంది.

ఆ మాటలో అన్యాయం ఉందని ఎవరైనా అనొచ్చు, ఒకే తరగతి యాభైమందీ సుఖమేం కాదు. కానీ ఆ బడికి "విద్యార్థి ఉపాధ్యాయ నిష్పత్తి 17" అని రాసి పంపిస్తే, దాన్ని జిల్లా సగటులో కలిపితే, ఎక్కడో ఒక ఆర్థికవేత్త ఆ సగటుకీ మార్కులకీ సంబంధం చూసి "నిష్పత్తి తగ్గినా చదువు మెరుగుపడలేదు" అని తేలిస్తే, అందులో తప్పు ఆయన గణితంలో లేదు. బడిలో జరిగేది ఆయన కొలిచిన కొలతలో లేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి ముగ్గురు, 91 నుంచి నలుగురు. పిల్లల తలలు లెక్కపెట్టి పోస్టులిచ్చే ఈ పద్ధతిలో తరగతుల లెక్కే లేదు. టీచర్ పోస్టుల్ని బడుల మధ్య సర్దే ప్రతి రేషనలైజేషన్‌లోనూ గొడవ పిల్లల సంఖ్య దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది.

నా మాటకీ ఎదురుమాటలున్నాయి

ఇంతా చెప్పి "క్లాసు సైజు పెద్ద విషయం కాదు" అనేశానని కరస్పాండెంట్ గారు సంతోషించకూడదు. పరిశోధనలు కొలిచేది ఎక్కువగా పరీక్ష మార్కులు. నలభై అయిదుమంది ఉన్న సెక్షన్‌లో తెలుగు టీచరు వ్యాసం నోటుబుక్కులు చదివి దిద్దలేదు. ఒక్కోదానికి మూడు నిమిషాలన్నా రెండు గంటలు దాటుతుంది, ఆమెకి అలాంటి సెక్షన్లు నాలుగైదు. ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి పంపేస్తుంది. మా అబ్బాయి నోటుబుక్కులో "ప్రాతఃకాలం" తప్పుగా రాసిన ప్రతిచోటా టిక్కు ఉంది. అలాంటి నష్టం ఆబ్జెక్టివ్ పరీక్షలో కనపడదు. స్టార్ పిల్లల్ని పెద్దయ్యాక వెతికి చూసినప్పుడు కూడా, చిన్న క్లాసుల్లో చదివినవాళ్లు కాలేజీకి పోవడం కాస్త ఎక్కువగా కనిపించింది, 27 ఏళ్ల వయసులో సంపాదనలో మాత్రం స్పష్టమైన తేడా దొరకలేదు. దీన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకోవచ్చు.

రెండో ఎదురుమాట ఇంకా గట్టిది. కాంట్రాక్టు టీచర్లవల్లే మేలు జరిగిందనుకుంటే, అదే చెయ్యమని సర్కారుకి చెప్పొచ్చు కదా? కెన్యాలో ఆ పని చేసి చూశారు. తరవాతి రోజుల్లో దాన్నే పెద్ద ఎత్తున పెట్టినప్పుడు, స్వచ్ఛంద సంస్థ నడిపినచోట మార్కులు పెరిగాయి, ప్రభుత్వం నడిపినచోట ఏమీ పెరగలేదు. జీతాలు ఆలస్యం, పర్యవేక్షణ లేదు, యూనియన్ల గొడవ. మన విద్యా వాలంటీర్లకి నెలల తరబడి జీతాలు రాని కథలు పేపర్లలో చదివినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. అయిదో వంతు జీతంతో ఎంతకాలం నడుపుతారన్న న్యాయం ప్రశ్న సరేసరి.

నాకు మిగిలిన కోరిక, టీచరు ఎన్ని తరగతులు ఒకేసారి చెబుతున్నాడన్న దానిమీద ఎవరైనా సరైన లెక్క వెయ్యాలని. దానికి మన చట్టంలోనే ఇజ్రాయెల్ లాంటి గీతలున్నాయి. 60 మంది ఉన్న బడికీ 61 మంది ఉన్న బడికీ ఒక టీచరు తేడా, అంటే ఒక్కొక్కరు రెండున్నర తరగతులు మొయ్యడమా, రెండు లోపా అన్న తేడా. కాకపోతే ఇజ్రాయెల్ హెడ్మాస్టర్లు చేసింది మనవాళ్లు చెయ్యరని నమ్మకం లేదు. నాకు తెలిసిన ఒక హెడ్మాస్టరు, ఊరు వదిలి బెంగళూరు పనులకి పోయిన కుటుంబాల పిల్లల పేర్లు మూడో పోస్టు పోతుందని రిజిస్టర్లో ఉంచేశాడు, ఆయన్ని నేను తప్పుపట్టలేను కూడా. అలాంటిచోట రిజిస్టరుని నమ్మి 60, 61 పోల్చితే వచ్చే జవాబుకి విలువ ఉండదు. మధ్యాహ్న భోజనం లెక్కలూ అంత శుభ్రమైనవి కావు. ఇజ్రాయెల్ వాళ్లు పుట్టినరోజులతో చేసినట్టు, అంగన్‌వాడీలో ఉన్న పుట్టిన తేదీలని బట్టి ఆ ఊళ్లో ఎంతమంది బడి వయసు పిల్లలుండాలో కట్టి, అందులో ప్రైవేటు బస్సెక్కేవాళ్లని ఎలా తీసెయ్యాలన్న దగ్గర ఆగిపోతున్నాను. ఆ పద్ధతి తెలిసినవాళ్లెవరైనా ఉంటే రాయండి.